36 గంటల రైలు ప్రయాణానికి 12 రోజులు ఎందుకు పట్టాయి: సనత్‌నగర్ ఐసీడీకి వచ్చిన మూడు కంటైనర్ల కేస్ స్టడీ

హైదరాబాద్‌లో కస్టమ్స్ బ్రోకర్‌గా పని చేస్తున్నాను. కొత్తగా ఇంపోర్ట్ మొదలుపెట్టే ప్రతి కంపెనీ నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "సరుకు పోర్టులోనే క్లియర్ చేయించుకోవాలా, సనత్‌నగర్ దాకా తెప్పించుకోవాలా?" ఒకే కంపెనీకి, ఒకే రకం సరుకుకి ఈ రెండు పద్ధతులూ వాడి చూసిన కేసు నా దగ్గర ఉంది. పటాన్‌చెరు దగ్గర మాత్రల ప్యాకింగ్ చేసే ఫ్యాక్టరీ అది. బ్లిస్టర్ ప్యాకింగ్ మెషిన్లు ఇటలీ నుంచి తెప్పించుకున్నారు. కంపెనీ పేరు చెప్పను. లెక్క తేలిగ్గా అర్థం కావాలని అంకెలను గుండ్రం చేశాను.

ముందు ఒక చిన్న తేడా చెప్పాలి. పోర్టు పక్కన ఉండే సీఎఫ్‌ఎస్, అంటే కంటైనర్ ఫ్రైట్ స్టేషన్, పోర్టుకి పెరడు లాంటిది. అక్కడ ఏం చేసినా కాగితాలన్నీ ఆ పోర్టు పేరు మీదే నడుస్తాయి. ఐసీడీ, అంటే ఇన్‌లాండ్ కంటైనర్ డిపో, అలా కాదు. దానికి కస్టమ్స్‌లో సొంత కోడ్ ఉంటుంది. సనత్‌నగర్ కోడ్ INSNF6, ముంబై దగ్గరి నవా శేవా పోర్టు కోడ్ INNSA1. బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కి ఇచ్చే పత్రం, నేరుగా సనత్‌నగర్‌లోనే వేయొచ్చు, సుంకం కట్టొచ్చు, సరుకు విడిపించుకోవచ్చు. ఓడ నుంచి దిగిన పెట్టె సీలు తీయకుండా, సుంకం కట్టకుండా, కస్టమ్స్ అదుపులోనే రైలెక్కి 700 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి మన ఊరొస్తుంది. డ్రై పోర్ట్ అంటున్నది దీన్నే. విశాఖ కూడా హైదరాబాద్‌కి దూరమేమీ కాదు. కానీ ఈ సప్లయర్ వాడే షిప్పింగ్ లైన్ నేరుగా వచ్చేది నవా శేవాకే కాబట్టి దారి అటు నుంచే కుదిరింది.

మొదటిసారి మూడు 40 అడుగుల కంటైనర్లు వచ్చాయి. జూలై నెల, జోరు వాన. ఓడ సోమవారం రాత్రి బెర్త్‌కి చేరింది, మంగళవారం పెట్టెలు దిగాయి. అది మొదటి రోజనుకుందాం. బిల్ ఆఫ్ ఎంట్రీ నేను ముందే వేసి ఉంచాను. ఓడ రాకముందే వేయడానికి చట్టం ఒప్పుకుంటుంది, చాలామంది అలాగే చేస్తారు కూడా. అయితే మంగళవారం మధ్యాహ్నం కస్టమ్స్ వెబ్‌సైట్ ఐస్‌గేట్‌లో చూస్తే నా బిల్ ఆఫ్ ఎంట్రీకి అతకాల్సిన ఐజీఎం ఎంట్రీ కనిపించలేదు. ఐజీఎం అంటే ఓడలో ఏ పెట్టె ఎవరిది, ఎక్కడికి పోవాలి అని షిప్పింగ్ లైన్ కస్టమ్స్‌కి ఇచ్చే జాబితా. అందులో ప్రతి బీఎల్‌కీ, అంటే సరుకుకి షిప్పింగ్ లైన్ ఇచ్చే రవాణా పత్రానికీ, ఒక కోడ్ ఉంటుంది. అక్కడే దిగిపోయే సరుకైతే LC, దేశంలోనే ఇంకో కస్టమ్స్ స్టేషన్‌కి పోయేదైతే TI. మా పెట్టెలకు లైన్ ఏజెంట్ LC అని కొట్టాడు. కస్టమ్స్ సిస్టమ్ దృష్టిలో అవి నవా శేవాలో దిగి అక్కడే క్లియర్ కావాల్సినవి. నేను హైదరాబాద్‌లో వేసిన కాగితంతో వాటికి సంబంధమే లేదు.

తప్పు ఏజెంట్ ఒక్కడిదే కాదు. సప్లయర్ పంపిన బీఎల్ డ్రాఫ్ట్‌లో పోర్ట్ ఆఫ్ డిశ్చార్జ్ దగ్గర నవా శేవా అని ఉంది, ప్లేస్ ఆఫ్ డెలివరీ గడి ఖాళీగా ఉంది. ఆ డ్రాఫ్ట్ నా మెయిల్‌కీ వచ్చింది. సరుకు వివరాలు, పెట్టె నంబర్లు, బరువులు సరిచూసి సరే అనేశాను. ఆ ఖాళీ గడి నా కంట పడలేదు. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు ఈ పేరా మాత్రం రెండుసార్లు చదవండి. హైదరాబాద్ చుట్టూ ఒకటి కంటే ఎక్కువ ఐసీడీలు ఉన్నాయి కాబట్టి ఆ గడిలో "హైదరాబాద్" అని మాత్రమే ఉన్నా సరిపోదు. ఏ ఐసీడీయో పేరు ఉండాలి, వీలైతే కోడ్ కూడా ఉండాలి.

ఐజీఎం సవరణకి లైన్ దరఖాస్తు పెట్టాలి, నవా శేవా కస్టమ్స్ ఒప్పుకోవాలి, ఆ తర్వాతే పెట్టెను ఐసీడీకి తరలించే అనుమతి పుడుతుంది. ఈ అనుమతినే ఎస్‌ఎంటీపీ అంటారు. మామూలుగా దీనికోసం ఎవరూ తిరగక్కర్లేదు, కోడ్ సరిగ్గా ఉంటే సిస్టమ్‌లోనే నడిచిపోతుంది. మాకు అన్నీ పూర్తయ్యేసరికి గురువారం సాయంత్రమైంది.

చూడ్డానికి మూడు రోజుల నష్టమే కదా అనిపిస్తుంది. అసలు దెబ్బ అక్కడ కాదు. కంటైనర్ రైలుని రేక్ అంటాం. మామూలు రేక్‌లో 45 వ్యాగన్లు, అంటే 20 అడుగుల పెట్టెలైతే 90 పడతాయి. హైదరాబాద్ వైపు రేక్ శుక్రవారం బయలుదేరుతోంది, దాని లోడింగ్ జాబితా గురువారం మధ్యాహ్నానికే మూసేశారు. మా అనుమతి సాయంత్రం వచ్చింది. నాలుగైదు గంటల తేడాతో ఆ రేక్ పోయింది. తర్వాతి రేక్‌కి సరిపడా హైదరాబాద్ పెట్టెలు పోగయ్యేసరికి మంగళవారమైంది. పోర్టులో టెర్మినళ్లు చాలా ఉన్నాయి. హైదరాబాద్ వెళ్లాల్సిన పెట్టెలన్నీ ఒకే టెర్మినల్‌లో దిగవు, ఒక్కోటి ఒక్కో రైల్ యార్డ్‌లో చేరుతుంది. అందుకే ఢిల్లీ వైపు నిత్యం రైళ్లు నడిచినంత సులువుగా మన వైపు నడవవు.

సోమవారం ఫ్యాక్టరీ పర్చేజ్ మేనేజర్ ఫోన్ చేశారు. "ట్రైన్ రెండు రోజుల్లో వచ్చేస్తుందన్నారు కదండీ, వారం నుంచి అక్కడే ఉందేంటి?" ఆయన టెన్షన్‌కి కారణం ఉంది. మెషిన్ బిగించడానికి ఇటలీ నుంచి ఇద్దరు ఇంజినీర్లు రావాలి, వాళ్ల టికెట్లు బుక్ అయిపోయాయి. నేను ఆయనకి చెప్పింది నిజమే, రైలు ప్రయాణం రెండు రోజుల లోపే. రైలెక్కేదాకా పట్టే సమయం గురించి చెప్పలేదు, తప్పంతా అక్కడే.

పెట్టెలు ఎనిమిదో రోజు, మంగళవారం సాయంత్రం రైలెక్కాయి. పదో రోజు, గురువారం పొద్దున సనత్‌నగర్‌లో దిగాయి. సుమారు 36 గంటలు.

దిగాక జరిగినది మాత్రం ఐసీడీ విలువ తెలిపేది. రిస్క్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ఈ సరుకుని తనిఖీకి ఎంచుకుంది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. "కస్టమ్స్ ఆఫీస్ మన ఊళ్లోనే ఉంటే ఆఫీసర్‌తో మాట్లాడి అర్థమయ్యేలా చెప్పొచ్చు" అని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. 2020లో ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ దేశమంతా వచ్చాక ఆ మాటకి సగం అర్థమే మిగిలింది. సరుకు ఏ టారిఫ్ కిందికి వస్తుంది, విలువ సరైనదేనా అని తేల్చే అధికారి వేరే ఊళ్లో ఉండొచ్చు. మన సమాధానాలన్నీ సిస్టమ్‌లోనే పెట్టాలి. ఊళ్లో మిగిలేది సరుకుని కళ్లతో చూసే తనిఖీ, చివరగా ఔట్ ఆఫ్ ఛార్జ్, అంటే సరుకు తీసుకుపోవచ్చన్న ఆర్డర్. కాబట్టి తనిఖీ ఎక్కడ జరిగితే మన సరుకుకి మంచిదో చూసుకోవాలి.

శుక్రవారం తనిఖీ. మెషిన్ పెద్ద చెక్క పెట్టెలో ఉంది. చెక్క లోపల వెండి రంగు మందపాటి ఫాయిల్, గాలి పీల్చేసి నాలుగు వైపులా అతికించారు, లోపల తేమ పీల్చే సిలికా సంచులు. సముద్రం మీద ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టకుండా చేసే ఏర్పాటు అది. ఆఫీసర్‌కి మెషిన్ మీది నేమ్ ప్లేట్ చూడాలి. మోడల్, సీరియల్ నంబర్, తయారైన సంవత్సరం ఇన్వాయిస్‌తో కలవాలి, మెషిన్ కొత్తదే అని తేలాలి. బయట వాన పడుతోంది. లేబర్ కుర్రాడు కత్తి తీశాడు, ఫాయిల్ మొత్తం చీల్చేసేవాడే. ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ ఇంజినీర్ పటాన్‌చెరు నుంచి పొద్దున్నే కారులో వచ్చి అక్కడే నిలబడ్డారు. "సార్, ఒక్క నిమిషం, నేమ్ ప్లేట్ ఎక్కడుందో డ్రాయింగ్‌లో ఉంది, అక్కడ మాత్రమే కోస్తాను" అన్నారు. ఆఫీసర్ ఒప్పుకున్నారు. ఇంజినీర్ డ్రాయింగ్ చూసి, టేప్‌తో కొలిచి, ఫాయిల్‌ని మూడు వైపులా జానెడు కోసి కిటికీ తలుపులా పైకి ఎత్తారు. నేమ్ ప్లేట్ సరిగ్గా అక్కడే ఉంది. ఫోటో తీసుకున్నారు, నంబర్లు కలిశాయి. ఇంజినీర్ జేబులోంచి అల్యూమినియం టేప్ తీసి, రెండు కొత్త సిలికా సంచులు లోపల పెట్టి, ఫాయిల్ మళ్లీ అతికించారు. అంతా కలిపి 20 నిమిషాలు. సాయంత్రానికి ఔట్ ఆఫ్ ఛార్జ్ వచ్చింది. పన్నెండో రోజు, శనివారం, సరుకు ఫ్యాక్టరీలో దిగింది.

12 రోజుల్లో కస్టమ్స్ తీసుకున్నది రెండు రోజులు, రైలు ఒకటిన్నర. మిగతాదంతా పోర్టులో నిలిచిపోవడమే.

తర్వాత బిల్లులు రావడం మొదలైంది. మొదటిది డిటెన్షన్. కంటైనర్ లైన్‌ది కాబట్టి కొన్ని రోజులు ఉచితంగా వాడుకోనిస్తుంది, ఆపైన రోజుకింత వసూలు చేస్తుంది. మాకు ఇచ్చినవి 10 ఉచిత రోజులు. ఐసీడీకి వచ్చిన రోజు నుంచి లెక్క అనుకున్నాం. లైన్ షరతుల్లో మాత్రం పోర్టులో దిగిన రోజు నుంచి అని ఉంది. అంటే పదో రోజు, గురువారం, పెట్టెలు సనత్‌నగర్‌లో దిగిన రోజే ఉచిత గడువు అయిపోయింది. ఖాళీ పెట్టెలు సోమవారం తిరిగి ఇచ్చాం. శుక్ర, శని, ఆది, సోమ: నాలుగు రోజులు, మూడు పెట్టెలు, పెట్టెకి రోజుకి 60 డాలర్లు. మొత్తం 720 డాలర్లు. రూపాయల్లో పెట్టెకి 20 వేలనుకోండి. ఇది ఐసీడీ అద్దె కాదు, డిపో వాళ్లు వసూలు చేసే గ్రౌండ్ రెంట్ వేరు. ఈ రెండింటినీ ఒకటే అనుకుని డిపో వాళ్లతో గొడవ పడేవాళ్లను చూశాను.

రెండోది ఎవరూ పట్టించుకోని ఖర్చు. సుంకం లెక్క కట్టే విలువలో సముద్రపు రవాణా ఖర్చు కలుస్తుంది. కానీ 2007 కస్టమ్స్ వాల్యుయేషన్ రూల్స్‌లో పదో నిబంధన ప్రకారం, ఓడ దిగిన చోటి నుంచి దేశంలోనే ఇంకో కస్టమ్స్ స్టేషన్‌కి తరలించిన ఖర్చు ఆ విలువలో కలపకూడదు. నవా శేవా నుంచి సనత్‌నగర్ దాకా రైలు ఖర్చుకి సుంకం లేదన్నమాట. అయితే ఆ ఖర్చు విడిగా కనిపిస్తేనే తీసేయగలం. రవాణా ఏర్పాట్లు చూసే మా ఫార్వర్డర్ ఇటలీలోని జెనోవా నుంచి సనత్‌నగర్ దాకా ఒకే ముద్దగా పెట్టెకి 1,90,000 రూపాయలని బిల్లు ఇచ్చాడు. అందులో లోపలి రవాణా 48,000. విడగొట్టిన కాగితం చేతిలో లేదు కాబట్టి మొత్తం మీద సుంకం పడింది.

ఆ 48,000 మీద బేసిక్ డ్యూటీ 7.5 శాతం, దాని మీద పదో వంతు సర్‌ఛార్జి, కలిపి 8.25 శాతం: 3,960 రూపాయలు. ఇది తిరిగి రాదు. దానిపైన 18 శాతం ఐజీఎస్టీ, సుమారు 9,350, క్రెడిట్‌గా తర్వాత దొరుకుతుంది కానీ అప్పటికి చేతి నుంచి పోతుంది. మూడు పెట్టెలకు తిరిగిరాని నష్టం 11,880. బిల్ ఆఫ్ ఎంట్రీ తర్వాత సవరించొచ్చు కదా అని అకౌంట్స్ వాళ్లు అడిగారు. చట్టంలో 149వ సెక్షన్ ఉంది, కానీ సరుకు విడుదలయ్యే నాటికే ఉన్న కాగితం ఆధారంగానే ఆ సవరణ జరగాలి. ఫార్వర్డర్ విడగొట్టిన బిల్లు ఇచ్చింది రెండు వారాల తర్వాత. వదిలేసుకున్నాం.

అక్టోబర్‌లో అదే ఫ్యాక్టరీకి ఒక 40 అడుగుల పెట్టె వచ్చింది: కన్వేయర్లు, విడిభాగాలు. జూలై అనుభవంతో మేనేజర్ గట్టిగా చెప్పేశారు, "ఈసారి రైలొద్దు, లారీలోనే తెద్దాం." పెట్టె సీఎఫ్‌ఎస్‌కి పోకుండా పోర్టు నుంచే నేరుగా బయటికొచ్చే డైరెక్ట్ పోర్ట్ డెలివరీ పద్ధతిలో నవా శేవాలో క్లియర్ చేయించాం. బిల్ ఆఫ్ ఎంట్రీ ముందే వేశాం, సుంకం ముందే కట్టాం, తనిఖీ పడలేదు. గురువారం ఓడ, శుక్రవారం రాత్రి ట్రైలర్ పోర్టు గేటు దాటింది, ఆదివారం రాత్రి పటాన్‌చెరు చేరింది, సోమవారం దించుకున్నాం. మొత్తం ఐదు రోజులు. జూలైతో పోలిస్తే వారం మిగిలింది.

ఖర్చు దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. బీఎల్ నవా శేవా దాకానే ఉంటే ఖాళీ పెట్టెను కూడా నవా శేవాలోనే తిరిగి ఇవ్వాలి. ట్రైలర్ వాడు రానూపోనూ కిరాయి లెక్క కడతాడు, మాకు 1,05,000 అయింది. ఐసీడీ దారిలో ఖాళీ పెట్టెను సనత్‌నగర్‌లోనే ఇచ్చేస్తాం. అక్కడ పెట్టెకి రైలు 48,000, పటాన్‌చెరుకి లోకల్ ట్రైలర్, డిపో హ్యాండ్లింగ్ అన్నీ కలిపి 70 వేలకు దగ్గర. అంటే అంతా సవ్యంగా జరిగితే ఐసీడీ పెట్టెకి 35 వేలు చవక. కానీ జూలైలో సవ్యంగా జరగలేదు. 70 వేలకి డిటెన్షన్ 20 వేలు, అనవసరపు సుంకం 3,960 కలిపితే దాదాపు 94 వేలు. తేడా 11 వేలకు పడిపోయింది. వారం రోజులు ఆలస్యం దానికి అదనం. ఇటాలియన్ ఇంజినీర్ల టికెట్లు మార్చిన డబ్బు నేను ఈ లెక్కలో వేయలేదు, వేస్తే ఆ 11 వేలూ మిగలవు.

ఖాళీ పెట్టెల విషయం ఇంకొంచెం చెప్పాలి, రేటు ఎందుకు మారుతుందో అర్థం కావడానికి. మనం సనత్‌నగర్‌లో ఇచ్చిన ఖాళీ పెట్టెలో ఎవరో ఒకరు ఎగుమతి సరుకు నింపితేనే లైన్‌కి లాభం. హైదరాబాద్ నుంచి ఎగుమతి బుకింగులు బాగా ఉన్న లైన్ ఆ పెట్టె ఇక్కడికే రావాలని కోరుకుంటుంది, లోపలి రవాణా తక్కువకి ఇస్తుంది. ఎగుమతులు లేని లైన్ ఖాళీ పెట్టెను మళ్లీ పోర్టుకి ఈడ్చుకుపోవాలి, ఆ ఖర్చు మన మీదే వేస్తుంది. అందుకే ఒకే నెలలో రెండు లైన్లు ఇదే దూరానికి చాలా తేడాతో రేట్లు ఇస్తాయి. ఇప్పుడు ఫార్వర్డర్‌ని సముద్రపు రేటు ఒకటే అడగను. ఈ లైన్‌కి సనత్‌నగర్‌లో ఎగుమతి బుకింగులు ఎలా ఉన్నాయో కూడా అడుగుతాను.

అక్టోబర్ విజయం చూసి తర్వాతి జూన్‌లో రెండు మెషిన్ పెట్టెలను కూడా పోర్టులోనే క్లియర్ చేయించమన్నారు. మెషిన్ కదా, ఐసీడీకే పోదామని నేను చెప్పి చూశాను. వాళ్లు వినలేదు, నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. ఈసారి ఒక పెట్టెకి తనిఖీ పడింది. తనిఖీ పడ్డ పెట్టెకి నేరుగా పోర్టు నుంచి వెళ్లే అవకాశం పోతుంది, అది ఒక సీఎఫ్‌ఎస్‌కి తరలింది. ఫ్యాక్టరీ ఇంజినీర్ మరునాటి ఫ్లైట్ పట్టుకుని వెళ్లేసరికి, తనిఖీకి సిద్ధం చేయాలని అక్కడి లేబర్ ముందు రోజే చెక్క పెట్టె విప్పి, ఫాయిల్‌ని పైనుంచి కింద దాకా చీల్చేశారు. జూన్‌లో ముంబై గాలి ఎలా ఉంటుందో తెలిసిందే. ఆఫీసర్ నేమ్ ప్లేట్ చూసి పావుగంటలో ముగించారు. కానీ ఆ ఫాయిల్‌ని మళ్లీ సరిగ్గా మూసే పరిస్థితి లేదు, టార్పాలిన్ కప్పి పంపారు. పటాన్‌చెరులో విప్పితే రెండు గైడ్ షాఫ్టుల మీద ఎర్రటి తుప్పు చుక్కలు. పాలిష్ చేయించడానికి బయటి వర్క్‌షాప్‌కి పంపాల్సి వచ్చింది. మెషిన్ నడపడం వాయిదా పడింది. పోర్టు నుంచి లారీ మూడు రోజుల్లోనే వచ్చింది, కానీ మెషిన్ పని మొదలుపెట్టింది జూలైలో రైల్లో వచ్చినదానికంటే ఆలస్యంగా.

ఈ మూడు అనుభవాల తర్వాత ఫ్యాక్టరీ వాళ్లూ నేనూ కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నాం. తనిఖీ పడినా పెద్దగా విప్పాల్సింది లేని సరుకు, తొందరగా కావాల్సిన విడిభాగాలు పోర్టులో క్లియర్ చేసి రోడ్డు మీద తెస్తున్నాం. ఫాయిల్‌లో చుట్టిన మెషిన్లు, మన ఇంజినీర్ పక్కన నిలబడితేనే విప్పదగిన సరుకు సనత్‌నగర్‌కే వస్తున్నాయి. మెషిన్ల విషయంలో బిగించేవాళ్ల టికెట్లను ఓడ తేదీని బట్టి బుక్ చేయడం మానేశాం. పెట్టెలు రైలెక్కాయని యార్డ్ నుంచి కబురొచ్చాకే బుక్ చేస్తున్నాం. రైలెక్కాక తేదీలో తేడా ఒక రోజుకి మించి రావడం లేదు. రైలెక్కకముందు చెప్పే తేదీని ఎవరూ నమ్మకూడదు, నేను చెప్పినా సరే.

బుకింగ్ రోజునే ఫార్వర్డర్‌కి వెళ్లే మెయిల్‌లో నాలుగు వాక్యాలు రాస్తున్నాం. ప్లేస్ ఆఫ్ డెలివరీ దగ్గర ఐసీడీ సనత్‌నగర్, INSNF6 అని ఉండాలి. ఓడ బెర్త్‌కి రావడానికి రెండు రోజుల ముందు ఐజీఎం ఎంట్రీలో TI అని ఉన్నట్టు స్క్రీన్‌షాట్ కావాలి. సముద్రపు రవాణా, లోపలి రవాణా వేర్వేరు వరుసల్లో చూపిన బిల్లు బిల్ ఆఫ్ ఎంట్రీ వేయకముందే చేతికి రావాలి. ఉచిత రోజులు ఐసీడీలో దిగిన రోజు నుంచి లెక్కించాలి, ఆ మాట లైన్ లిఖితపూర్వకంగా ఇవ్వాలి. చివరిదానికి కొన్ని లైన్లు ఒప్పుకోవు. అప్పుడు 10 రోజులకి బదులు పోర్టులో దిగిన రోజు నుంచి 21 రోజులు అడుగుతాం. బుకింగ్‌కి ముందు అడిగితే చాలాసార్లు ఇస్తారు, పెట్టె దిగాక అడిగితే ఇవ్వరు.

పోయిన నెల మళ్లీ రెండు మెషిన్ పెట్టెలు సనత్‌నగర్‌కి వచ్చాయి. TI స్క్రీన్‌షాట్ ఓడ కంటే ముందే నా ఫోన్‌కి వచ్చింది. పోర్టులో మూడు రోజులు ఆగాయి, ఐదో రోజు సనత్‌నగర్‌లో దిగాయి, ఆరో రోజు తనిఖీ. అదే ఇంజినీర్ అల్యూమినియం టేప్ జేబులో పెట్టుకుని వచ్చారు.